అడుగు రేటు 95 అన్నారు. బోరు, మోటారు కలిపి లెక్క ఎక్కడ తేలిందంటే

భువనగిరి శివార్లలో రెండు వందల గజాల ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాం. ముందు బోరు వేయించాలి. తెలిసినవాళ్లని ఎవరిని అడిగినా ఒకటే సమాధానం, "అడుగుకి ఇంత". ఒకరు 85 అన్నారు, ఇంకొకరు 90, ఇంకొకరు 100. ముగ్గురు ఏజెంట్లతో మాట్లాడాక నాకు అర్థమైంది ఏంటంటే, ఈ అడుగు రేటు ఒక్కటే పట్టుకుని బేరమాడితే పెద్దగా లాభం లేదు. బిల్లు పెరిగేది మూడు చోట్ల. బోరు గోడ కూలకుండా దించే కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దిగింది, మూడు వందల అడుగులు దాటాక రేటు ఎలా కడతారు, మోటారు ఎంత లోతులో వేలాడుతుంది. ఇది 2024 వేసవి మొదలు నాటి లెక్క. రేట్లు ఊరిని బట్టి, డీజిల్ ధరని బట్టి, సీజన్ని బట్టి మారతాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం దాదాపు అంతటా ఇదే.

చివరికి మాట్లాడుకున్న రేటు ఇది. 300 అడుగుల వరకు అడుగుకి 95 రూపాయలు. 300 నుంచి 400 వరకు 105. 400 నుంచి 500 వరకు 115. ఆపైన 600 వరకు 130. కేసింగ్ పైపు అడుగుకి 420. పనివాళ్ల బత్తా, బండి రాకపోకలకి కలిపి 1,500. పక్కా బిల్లు కావాలంటే జీఎస్టీ వేరే.

లోతుకి వెళ్లేకొద్దీ రేటు ఎందుకు పెంచుతారో బండి పక్కన కాసేపు నిలబడితే తెలుస్తుంది. కింద హామర్‌ని కొట్టించేదీ, నలిగిన రాతి పిండిని పైకి ఊదేదీ కంప్రెసర్ గాలే. లోతు పెరిగితే, అందులో నీళ్లు కూడా నిండితే, ఆ నీటి బరువుని తోసుకుని గాలి పైకి రావాలి. అడుగు దిగడానికి ఎక్కువ సేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. పైగా పని అయ్యాక అన్ని రాడ్లనీ ఒక్కొక్కటిగా విప్పి పైకి తీయాలి. కాబట్టి స్లాబు రేటు న్యాయమే. తేడా వచ్చేది దాన్ని కట్టే తీరులో.

ఉదాహరణకి నా బోరు 460 అడుగులు పడింది. మొదటి 300కి 28,500, తర్వాతి 100కి 10,500, మిగిలిన 60కి 6,900. మొత్తం 45,900. ఇది ఒక పద్ధతి. ఇంకో ఏజెంటు చెప్పినదాంట్లో బోరు ఏ స్లాబులో ఆగితే మొత్తం లోతుకి ఆ రేటే. అంటే 460 అడుగులకీ 115 చొప్పున 52,900. స్లాబులు అవే, 460 పడే స్లాబులో రేటూ అదే, తేడా మాత్రం 7,000. అతను మొదట చెప్పిన రేటు 90, అందుకే చవక అనిపించింది. "మూడొందలు దాటితే పెరిగిన రేటు పైనున్న అడుగులకేనా, మొత్తానికా?" అని అడిగితే, "అందరూ కట్టేదే అన్నా" అన్నాడు. మళ్లీ అడిగితేగానీ మొత్తానికని చెప్పలేదు. నేను కుదుర్చుకున్న ఏజెంటుతో మాత్రం స్లాబులన్నీ కాగితం మీద రాయించుకుని, ఫోటో తీసి వాట్సాప్‌లో అతనికే పంపించాను. తర్వాత గొడవ రాకుండా కాపాడింది ఆ ఫోటోనే.

అనుమతి సంగతి కూడా చెప్పాలి. తెలంగాణలో, ఆంధ్రలో కొత్త బోరుకి 2002 నాటి వాల్టా చట్టం వర్తిస్తుంది. ప్రభుత్వ తాగునీటి బోరుకో బావికో 250 మీటర్ల లోపు అయితే ఊరికే వేయనివ్వరు. మీసేవలో దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకున్నాం. ఏజెంటు "అవన్నీ ఎందుకు సార్, రాత్రికి రాత్రి కొట్టేస్తాం" అన్నాడు. పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే బండి సీజ్ అవుతుంది, మన పని సగంలో ఆగుతుంది. వినలేదు.

పాయింటు చూడటానికి జియాలజిస్టుని పిలిచాం. ఆయన మీటరు తెచ్చి నేలలో కడ్డీలు పాతి రెండు చోట్లు చెప్పారు. మామయ్య మనసు కుదుటపడక కొబ్బరికాయ ఆయన్ని కూడా తీసుకొచ్చారు. ఆ కాయ లేచి నిలబడింది సెప్టిక్ ట్యాంకు రాబోయే మూలన. ఇక ఎవరూ మాట్లాడలేదు. జియాలజిస్టు చెప్పిన రెండింట్లో ఒకదాని మీదుగా కరెంటు తీగలు పోతున్నాయి. బండి మాస్టు పైకి లేస్తే వాటికి తగులుతుంది. అలా పాయింటు దానంతట అదే తేలిపోయింది. బండి, దాని వెనక కంప్రెసర్ లారీ రెండూ లోపలికి వచ్చి నిలబడే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ప్రహరీ కట్టాక బోరు అనుకున్నవాళ్లు గోడ పగలగొట్టించుకున్నారు మా వీధిలో.

బండి సాయంత్రం వస్తుందని చెప్పి రాత్రి పదకొండు దాటాక వచ్చింది. తమిళనాడు రిజిస్ట్రేషన్. మన దగ్గర తిరిగే బోరు బండ్లలో చాలా వరకు తిరుచెంగోడు వైపువే. డ్రిల్లరు తమిళం, హెల్పర్లు హిందీ, ఏజెంటు తెలుగు. నేను ముందే పక్కిళ్లవాళ్లకి చెప్పి, కిటికీలు మూసుకోమని, బండ్ల మీద కవర్లు కప్పుకోమని బతిమాలుకున్నాను. ఆ తెల్లపిండి దుమ్ము ఎంత దూరం పోతుందో చూస్తేగానీ నమ్మరు.

ఇక కేసింగ్. బిల్లులో అనుకోకుండా పెరిగే భాగం ఇదే, బోరు పదేళ్లు ఉంటుందా లేదా అన్నది తేల్చేదీ ఇదే. మా దగ్గర పైన మట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి రాయి. మట్టీ మొరమూ వదులుగా ఉంటాయి కాబట్టి అంతవరకు పైపు దించకపోతే కూలి బోరులో పడతాయి. గట్టి రాయిలో పైపు అక్కర్లేదు, రాయే గోడ. అందుకని ముందు పెద్ద బిట్‌తో రాయి తగిలేదాకా కొట్టి, 7 ఇంచుల పీవీసీ పైపు దించి, ఆ తర్వాత 6.5 ఇంచుల బిట్ ఆ పైపులోంచే కిందికి పంపిస్తారు.

ఏజెంటు ఎస్టిమేటు వేసింది 30 అడుగుల కేసింగ్‌కి. "పక్క ప్లాటులో ముప్పైకే రాయి తగిలింది" అన్నాడు. ఆ లెక్కన 300 అడుగుల బోరుకి 28,500, కేసింగ్‌కి 12,600, కలిపి 41,100. చాలామంది మనసులో పెట్టుకునేది ఈ అంకెనే. రాయి ఎక్కడ తగులుతుందో ఇరవై అడుగుల పక్కన కూడా ఒకేలా ఉండదు.

హెల్పరు ప్రతి కొన్ని అడుగులకీ పైకి వచ్చిన పిండిని ఒక గుప్పెడు తీసి వరసగా కుప్పలు పెట్టాడు. మొదటి కుప్పలు ఎర్రగా ఉన్నాయి. ఇరవై దాటాక పసుపు కలిసిన గోధుమరంగు, వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా అంటుకుంటోంది. అది మొరం. ముప్పై దగ్గర కాస్త గరుకు తేలింది. ఏజెంటు వెంటనే "రాయి వచ్చింది" అన్నాడు. డ్రిల్లరు తల అడ్డంగా ఊపి కొట్టడం ఆపలేదు. అది పైన ఉండే విడి గుండు. రెండు మూడు అడుగులు పోగానే మళ్లీ గోధుమరంగు మొరమే వచ్చింది. అక్కడ ఆపి పైపు దించి ఉంటే కింద పదిహేను అడుగుల వదులు నేల నగ్నంగా మిగిలిపోయేది. 46 దగ్గర శబ్దం మారింది. డబడబమనేది కాస్తా గణగణ మోగింది, దిగే వేగం ఒక్కసారిగా తగ్గింది, పిండి బూడిదరంగులోకి వచ్చి వేళ్ల మధ్య ఇసుకలా గరగరలాడింది. ఇంకో నాలుగు అడుగులు ఆ రాయిలోకి కొట్టి 50 దగ్గర ఆపారు. పైపు అడుగు రాయిలో కూర్చోవాలి, లేకపోతే ఆ అంచు చుట్టూ మొరం కారుతూనే ఉంటుంది.

మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో ఇది కళ్లారా చూశాను. ఖర్చు తగ్గుతుందని 20 అడుగులకే కేసింగ్ ఆపించుకున్నారు. వేసవంతా బాగానే నడిచింది. వానలు పడ్డాక నీళ్లు ఎర్రగా రావడం మొదలైంది, తర్వాత మోటారు ఆగిపోయింది. పైకి లాగబోతే కదల్లేదు. పైనుంచి జారిన మొరం, రాళ్లూ మోటారు మీద కూరుకుపోయాయి. పైపు తెగింది, మోటారు లోపలే ఉండిపోయింది. కొత్త బోరు వేసుకున్నారు. మిగిలింది పదివేలు, పోయింది లక్ష.

పైపులు 20 అడుగులవి. మూడు దించితే 60 అడుగులు. నాకు కావలసింది నేల కింద 50, నేల పైన 2, మొత్తం 52. మిగిలే 8 అడుగుల ముక్కకి కూడా డబ్బు కట్టమన్నారు, "ముక్క మీరే ఉంచుకోండి" అని. ఆ ముక్కతో నేనేం చేసుకుంటాను? వాళ్లకైతే ఇంకో బోరుకి పనికొస్తుంది. ముక్క వాళ్లు తీసుకెళ్లేలా, నేను 52 అడుగులకే కట్టేలా తేల్చుకున్నాం. కేసింగ్ 21,840. అనుకున్నది 12,600. పైపుని కూడా చూసి మరీ తీసుకోవాలి. వీటిని ఆరు కేజీలు, ఎనిమిది కేజీలు అంటారు, అది తట్టుకునే ఒత్తిడి లెక్క. కేజీ తగ్గితే గోడ పలచన, రేటూ తక్కువ. 420కి ఎనిమిది కేజీల పైపు మాట్లాడుకుంటే, దించేముందు పైపు మీద అచ్చు చూడాలి. దించాక చూసేది ఏమీ ఉండదు.

కేసింగ్ అయ్యాక అడుగుల లెక్క. దీనికి టేపు అక్కర్లేదు, రాడ్లు లెక్కపెడితే చాలు. ఆ బండి రాడ్డు 20 అడుగులు. ఒక్కో రాడ్డు పూర్తిగా దిగి కొత్తది బిగించినప్పుడల్లా మామయ్య సిమెంటు బస్తా మీద బొగ్గుతో గీత గీశారు. నేల పైన మిగిలే రాడ్డు ముక్క, కింద హామర్, బిట్ పొడవు దాదాపు చెల్లుకు చెల్లు. పని ఆగేసరికి 23 గీతలు, అంటే 460. బిల్లు రాసేటప్పుడు ఏజెంటు 480 వేశాడు. 24వ రాడ్డు బిగించిన మాట నిజమే, కానీ అది దిగకముందే ఆపమన్నాం. బస్తా చూపించాక గొణుక్కుంటూ మార్చాడు. ఏజెంటుకి కమిషన్ అడుగుల మీదే వస్తుందని తెలిస్తే, అతను ఎప్పుడూ "ఇంకో వంద" ఎందుకంటాడో కూడా తెలుస్తుంది.

నీళ్ల దగ్గరికి వస్తే, 140 దగ్గర పిండి తడిసి ముద్దలా వచ్చింది. అది చెమ్మ, నీళ్లు కాదు. 280 దగ్గర రాడ్డు ఒక్క క్షణం జారినట్టు దిగింది, వెంటనే బురదనీళ్లు ఎగజిమ్మాయి. రాతిలో పగులు తగిలిందన్నమాట, వీళ్లు గ్యాప్ అంటారు. నీళ్లు పారే కాలవకి అడ్డంగా V ఆకారంలో కోసిన రేకు పెట్టి, ఆ కోతలో నీళ్లు ఎంత ఎత్తున పోతున్నాయో చూసి "ఒక ఇంచు" అన్నారు. 90 డిగ్రీల కోతలో ఒక ఇంచు అంటే గంటకి సుమారు 500 లీటర్లు. రెండు ఇంచులంటే వెయ్యి అనుకుంటారు చాలామంది, కాదు. సుమారు 2,900. ఇంచు రెట్టింపయితే నీళ్లు అయిదున్నర రెట్లు దాటతాయి. అందుకే "ఒకటిన్నర, రెండు మధ్యలో ఉందన్నా" అని నోటిమాటగా చెబితే ఒప్పుకోకూడదు, టేపు పెట్టి చూడాలి. పగులు తగిలిన వెంటనే చూసినా మోసపోతాం. అందులో నిలవున్న నీళ్లు ముందు జోరుగా వస్తాయి. కాసేపు గాలి ఊదించి, తగ్గి నిలకడకి వచ్చాక కొలవాలి.

నలుగురున్న ఇంటికి ఒక ఇంచు వేసవిలో నిలుస్తుందన్న నమ్మకం లేక ముందుకి వెళ్లమన్నాం. 425 దగ్గర ఇంకో గ్యాప్ తగిలింది, నిలకడ మీద రెండు ఇంచులు వచ్చాయి. ఆ తర్వాత 460 దాకా పొడి రాయే, నీళ్లు చుక్క పెరగలేదు. ఏజెంటు 600 దాకా పోదామన్నాడు. మిగిలిన 40కి 4,600, ఆపైన వందకి 13,000, కలిపి 17,600. అక్కడ నన్ను ఆపింది ఈ 17,600 కన్నా మోటారు లెక్కే.

మోటారు మెకానిక్ ముందు దారానికి బరువు కట్టి దించి చూశాడు. నీళ్లు 110 అడుగుల దగ్గర నిలబడి ఉన్నాయి. మోటారుని ఎంత లోతులో వేలాడదీస్తామో అంత ఎత్తుకి అది నీళ్లు తోయాలి అనుకుంటారు. అలా కాదు. నడుస్తున్నప్పుడు బోరులో నీళ్లు ఎక్కడిదాకా దిగుతాయో అక్కడి నుంచి ట్యాంకు దాకా లెక్క. అప్పటికి అది 200, 250 ఉండొచ్చు. ఏప్రిల్, మేలో బాగా కిందికి పోవచ్చు. అందుకని 400 దగ్గర వేలాడదీశాం. అడుగున 60 అడుగులు వదిలేశాం, బురద దిగడానికి చోటుండాలి.

మెకానిక్ 3 హెచ్‌పీ వేద్దామన్నాడు. నేను 2 హెచ్‌పీ, 4 ఇంచుల వ్యాసమున్న రకం తీసుకున్నాను. పెట్టె మీద ఉండే పట్టికలో ఎత్తుకి తగ్గట్టు ఎన్ని లీటర్లు ఇస్తుందో ఉంటుంది. మా లోతుకి గంటకి రెండు వేల చిల్లర. బోరు ఇచ్చేది 2,900. బోరు ఇచ్చేదానికన్నా మోటారు ఎక్కువ లాగితే నీళ్లు అయిపోయి గాలి లాగుతుంది, వైండింగ్ కాలుతుంది. పెద్ద మోటారు కొంటే ఎక్కువ నీళ్లు రావు, త్వరగా ఆగిపోతాయి.

కేబుల్ దగ్గర మాత్రం పంతం పట్టాను. అతను తెచ్చింది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. నాలుగు వందల అడుగుల కిందికి సింగిల్ ఫేజు మీద 2 హెచ్‌పీకి అది సన్నం. అంత పొడవులో పాతిక ఓల్టుల దాకా తీగలోనే పోతుంది. వేసవి సాయంత్రాలు మా దగ్గర ఎలాగూ లో ఓల్టేజీయే. మోటారు లేవదు, లేచినా ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. 4 చదరపు మిల్లీమీటర్లది తెప్పించాను. అడుగుకి 55.

లెక్క ఇలా వచ్చింది. మోటారు, స్టార్టరు బాక్సు 23,000. హెచ్‌డీపీఈ పైపు 400 అడుగులు, అడుగు 30 చొప్పున 12,000. కేబుల్ 430 అడుగులు 23,650. నైలాను తాడు 410 అడుగులు, అడుగు పది చొప్పున 4,100. క్లాంపు, మూత, అడాప్టర్లు 1,800. దించే కూలి 4,000. మొత్తం 68,550. బోరు వేసినదానికి 45,900, కేసింగ్‌కి 21,840, బత్తా 1,500 కలిపితే 69,240. దాదాపు సరిసమానం. ఇంకా చూడండి, పైపు 30, కేబుల్ 55, తాడు 10. మోటారుని ఒక్కో అడుగు దించడానికి 95 రూపాయలు. బోరు కొట్టిన రేటు, మోటారు దించిన రేటు ఒకటే అయ్యాయి. 600 దాకా పోయి ఉంటే ఈ రెండో 95 కట్టే అడుగులు కూడా పెరిగేవి, మోటారు 3 హెచ్‌పీ అయ్యేది. అక్కడ నీళ్లు ఉంటాయన్న హామీ ఎవరిదీ లేదు.

దించేటప్పుడు కేబుల్‌ని పైపుకి ప్రతి పది అడుగులకీ టేపు చుట్టించాను. వదులుగా వేలాడితే కేసింగ్ అంచుకి రాసుకుని తొక్క ఊడుతుంది. మోటారు దగ్గర వేసిన కేబుల్ జాయింటుని రబ్బరు టేపు చుట్టాక బకెట్ నీళ్లలో ముంచి మీటరు పెట్టి చూశాకే కిందికి వదిలాడు మెకానిక్. ఆ అయిదు నిమిషాలు ఆగనివాళ్లకే నెల తిరక్కుండా మళ్లీ మొత్తం పైకి లాగే కూలి పడుతుంది.

మొదటి రెండు గంటలు నీళ్లు బూడిదరంగులో వచ్చాయి, వాటిని ట్యాంకుకి ఎక్కించకుండా బయటికి వదిలాం. కేసింగ్ చుట్టూ ఉన్న సందుని కంకర, సిమెంటుతో పూడ్చాం, వాననీళ్లు, సెప్టిక్ ట్యాంకు ఊట అందులోంచి దిగకుండా. స్టార్టరు బాక్సు తలుపు లోపలివైపు మార్కరుతో రాసి పెట్టాను: కేసింగ్ 52, లోతు 460, గ్యాప్‌లు 280, 425, మోటారు 400, 2 హెచ్‌పీ, కేబుల్ 4. రేపు ఏ మెకానిక్ వచ్చినా ముందు అడిగేవి ఇవే.